ఆరేళ్లుగా ఒకే యూపీఐ ఐడీ: పలాస దుకాణం నుంచి సమీక్ష

పలాసలో మాది చిన్న జీడిపప్పు దుకాణం. ఆరేళ్లుగా బల్ల మీద అదే క్యూఆర్ కాగితం ఉంది. వెలిసిపోయినప్పుడల్లా అదే బొమ్మను మళ్లీ అచ్చు వేయిస్తాను. అంతకుముందు హైదరాబాదు నుంచి పప్పు తెప్పించుకునేవారికి 11 అంకెల ఖాతా నంబరును, దానితోపాటు ఐఎఫ్‌ఎస్‌సీ కోడును ఫోనులో వల్లె వేసేవాణ్ణి.

నా ఐడీ చివర @okaxis అని ఉంటుంది. ఖాతా మాత్రం స్టేట్ బ్యాంకుది. ఇదేమి విడ్డూరమని అడిగినవారు చాలామంది. @ తర్వాతి మాట డబ్బు పడే బ్యాంకు పేరు కాదు, ఆ ఐడీ చిట్టాను చూసుకునే బ్యాంకు గుర్తు. ఎవరైనా డబ్బు పంపబోతే యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆ గుర్తును బట్టి ఆ బ్యాంకును అడుగుతుంది. ఆ బ్యాంకు తన చిట్టా తీసి, ఈ పేరు వెనుక ఉన్న ఖాతా ఏదో చెబుతుంది. ఖాతా నంబరు వాటి మధ్యే ఉండిపోతుంది. పంపేవారి తెర మీద కనిపించేది నా పేరే. దుకాణం పేరు కనిపించలేదని కొత్తవారు కాసేపు తటపటాయిస్తారు, అదొక్కటే నాకు చిరాకు.

నిరుడు కాశీబుగ్గలో వేరే బ్యాంకులో కరెంటు ఖాతా తెరిచి, దాన్ని యాప్‌లో కలిపాను. పని అయిపోయిందనుకున్నాను. మూడు రోజుల తర్వాత చూస్తే కొత్త ఖాతాలో పైసా లేదు, అమ్మకాల సొమ్మంతా పాత పొదుపు ఖాతాలోకే వెళ్లింది. తప్పు నాదే. ఎన్ని ఖాతాలు కలిపినా, వచ్చే డబ్బు ప్రధాన ఖాతాగా గుర్తు పెట్టినదానిలోనే పడుతుంది. ఆ గుర్తును కొత్త ఖాతాకు మార్చగానే తర్వాతి బేరం డబ్బు అందులో పడింది. క్యూఆర్ కాగితాన్ని ముట్టుకోనక్కరలేదు. అందులో upi://pay?pa= తర్వాత ఉండేది నా ఐడీయే, ఖాతా నంబరు కాదు.

అయినా ఒక పాత కొనుగోలుదారు పంపే డబ్బు మాత్రం పాత చోటికే పోతూ వచ్చింది. ఆయన క్యూఆర్ వాడడు, నా ఫోను నంబరుకు పంపుతాడు. నంబరు నేరుగా ఖాతాకు ముడిపడదు, ముందు ఏదో ఒక యూపీఐ ఐడీకి ముడిపడుతుంది. నా నంబరు ముడి ఎప్పుడో పెట్టుకుని మరిచిపోయిన మరో యాప్‌లోని ఐడీతో ఉంది, ఆ ఐడీ వెనుక పాత ఖాతా ఉంది. అది కనిపెట్టడానికి ఇంకో వారం పట్టింది. చివరికి ఆ యాప్‌లోనూ ప్రధాన ఖాతా మార్చాను.

ఇప్పుడు ఏ మార్పు చేసినా మా తమ్ముడి చేత క్యూఆర్‌కు ఒక రూపాయి, నంబరుకు ఒక రూపాయి వేయిస్తాను. బ్యాంకు నుంచి వచ్చే సందేశంలో ఖాతా చివరి అంకెలు చూస్తాను. యాప్ మోగితే చాలదు, పాత ఖాతాలో పడినా అదే మోత మోగుతుంది.