సర్వే సైట్లలో రెండేళ్లు: గంటకు నాకు పడిందెంత?

మా ఆయనకు స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని. బి షిఫ్ట్ పడితే మధ్యాహ్నం నుంచి రాత్రి పదింటి దాకా గాజువాక ఇంట్లో నేనూ నా ఫోనూ. అలా మొదలైంది, ప్రశ్నలకు జవాబులు చెబితే డబ్బులిచ్చే ఈ సర్వేల పిచ్చి. రెండేళ్లలో ఏడెనిమిది సైట్లు చూశాను. డబ్బులు రావని అనను, వస్తాయి. కానీ సైట్ మీద రాసిన రేటుకూ మన చేతికొచ్చే రేటుకూ పొంతన ఉండదు. ఆ సంగతి తెలియడానికి పాల లెక్క రాసే పుస్తకంలో వెనక పేజీ నుంచి ఒక నెలంతా టైము రాసుకోవాల్సి వచ్చింది.

ఆ నెల ఒకే సైట్లో మొదలుపెట్టిన సర్వేలు 94. పూర్తయినవి 21. మిగతా 73 మధ్యలోనే 'మీరు ఈ సర్వేకు సరిపోరు' అని బయటికి పంపేశాయి. పూర్తయినవి ఒక్కోటి పద్నాలుగు నిమిషాలు, సగటున 45 సెంట్లు. మొత్తం 9 డాలర్ల 45 సెంట్లు, అప్పటి రేటులో దాదాపు 750 రూపాయలు. ఆ 21కి పట్టింది ఐదు గంటలే కాబట్టి గంటకు 150 అనిపిస్తుంది. కానీ గెంటేసిన వాటిలో ఆరు గంటలు పోయాయి, సర్వేల కోసం వెతకడంలో ఇంకో మూడు. పద్నాలుగు గంటలకు 750 అంటే గంటకు యాభై చిల్లర. పైగా ఆ సైట్లో పది డాలర్లు దాటితే తప్ప తీసుకోనివ్వరు. అంటే ఆ నెల చేతికొచ్చింది సున్నా.

ఇది నా దురదృష్టం ఒక్కటే కాదు. చిన్న చిన్న ఆన్‌లైన్ పనులిచ్చే అమెజాన్ మెకానికల్ టర్క్‌లో 2,676 మంది పనిని పరిశీలించి 2018లో పరిశోధకులు లెక్క కడితే, నడిమి ఆదాయం గంటకు రెండు డాలర్ల దగ్గర తేలింది. అక్కడా పని వెతకడం, తిరస్కరించిన పనులు, మధ్యలో వదిలేసినవి టైమును తినేశాయి.

గెంటేయడానికి కారణం కోటా. కంపెనీకి కారు కొనబోయే ముప్పై ఏళ్ల మగవాళ్లు రెండొందల మంది కావాలనుకోండి, ఆ సంఖ్య నిండాక మీరెవరైనా అవసరం లేదు. అందుకే వయసు, ఊరు, ఉద్యోగం మొదటి రెండు నిమిషాల్లో అడిగి పంపేసే సైటు నిజాయితీ గలదని నా లెక్క. పన్నెండు నిమిషాలు సబ్బుల గురించి అన్నీ చెప్పించుకుని, ఆఖర్న 'సరిపోరు' అనేదాన్ని రెండోసారి చూస్తే వదిలేస్తాను. మన తప్పూ ఉంటుంది లెండి. ఒకచోట ఇద్దరు పిల్లలని, ఇంకోచోట పిల్లల్లేరని నొక్కితే పట్టేస్తారు. పడిన పాయింట్లు మూడు వారాల తర్వాత వెనక్కి పోవడం నాకూ జరిగింది.

కాస్త గిట్టుబాటైంది తెలుగు గొంతు రికార్డింగ్. ఒక సైట్లో 200 వాక్యాలు చదవాలి. ఫ్యాన్ ఆపాలి, కిటికీలు మూయాలి. మే నెల విశాఖ ఉక్కలో చెమట కారుతుంటే 'రేపటి రైలు ఎన్ని గంటలకు' అని హాయిగా చదవాలి! పక్కింటి కుక్కర్ కూతలకు పదకొండు వాక్యాలు తిరిగొచ్చాయి. అయినా గంటకు నూటఇరవై దాకా పడింది. చిక్కేమిటంటే అలాంటి పని రెండేళ్లలో నాలుగుసార్లే దొరికింది.

కొత్త సైటైతే ఇప్పుడు వారం రోజులు టైము రాసి చూస్తాను. కనీస మొత్తం చేరగానే మరి ఆగకుండా తీసేసుకుంటాను, ఎందుకంటే కొన్నాళ్లు లాగిన్ కాకపోతే పాయింట్లు రద్దు చేసే సైట్లున్నాయి. ఆ డాలర్లు మనకు చేర్చే పేపాల్‌కి పాన్ నంబరు ముందే ఇచ్చి పెట్టుకోవాలి. డాలర్లు రూపాయలయ్యేటప్పుడు అక్కడా కొంచెం పోతుంది.

డబ్బు కట్టమనేవాళ్ల సంగతి వేరు. మా ఎదురింటి వదిన తమ్ముడికి టెలిగ్రామ్‌లో వీడియోకి లైక్ కొడితే 50 అన్నారు. మూడింటికి 150 నిజంగానే పడ్డాయి. తర్వాత వెయ్యి కడితే 1,300 వచ్చాయి. ఆ నమ్మకంతో ఐదు వేలు కట్టాడు, అవి తీయాలంటే ఇంకో ఎనిమిది వేలు కట్టమన్నారు. "ఇంకొక్కసారి కట్టేస్తే మొత్తం వచ్చేస్తుందంటున్నారు వదినా" అని నా దగ్గరకొచ్చాడు. ఫోన్ లాక్కుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయించాను. ఆ నంబరుకి ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. వాడు చెప్పేసరికి రెండు రోజులైపోయింది, ఐదు వేలూ పోయాయి.

ప్రస్తుతం నా ఫోన్లో మిగిలింది గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్ ఒక్కటే. అరనిమిషం ప్రశ్నలు, నగదు కాదు, ప్లే స్టోర్ క్రెడిట్ వస్తుంది. దాంతో మా పాప డ్రాయింగ్ యాప్ కొనుక్కుంది. రికార్డింగ్ పని మళ్లీ వస్తే మాత్రం పక్కింటావిడకి ముందే చెప్పి, కుక్కర్ పెట్టని టైము కనుక్కుంటాను.