శాతం చూసి వెతకాలా, రూపాయలు చూసి వెతకాలా? రొయ్యల చెరువు ఖర్చుల్లో ఏ తేడా పట్టించుకోవాలి

పంట అయ్యాక బడ్జెట్ పక్కన అసలు ఖర్చు పెట్టి చూస్తే ప్రతి పద్దులోనూ ఎంతోకొంత తేడా ఉంటుంది. అన్నిటి వెంటా పడితే సూపర్‌వైజర్‌కి చెరువు చూసే తీరికుండదు. అందుకని లెక్కలు రాసేవాళ్లు రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి పెట్టుకోవచ్చు: పది శాతం దాటితే వెతకడం, లేదా పాతికవేలు దాటితే వెతకడం.

ఉదాహరణకి ఐదెకరాల వనామి చెరువు తీసుకుందాం. మందులకు 40 వేలు అనుకుంటే 56 వేలైంది. శాతంలో 40, రూపాయల్లో 16 వేలు. శాతం పద్ధతి దీన్ని ఎర్రగా చూపిస్తుంది, రూపాయల పద్ధతి వదిలేస్తుంది. ఇక్కడ రూపాయల పద్ధతిదే న్యాయం. చిన్న పద్దులు శాతంలో ఎప్పుడూ ఎగిరిపడుతూనే ఉంటాయి. కానీ మేతలాంటి పెద్ద పద్దులో రెండు శాతానికి కాస్త పైగా కదిలినా పాతికవేలు దాటిపోతుంది, కాబట్టి రూపాయల పద్ధతి అక్కడ ప్రతి పంటకీ గంట కొడుతుంది. అలా ప్రతిసారీ మోగే గంటని కొన్నాళ్లకు ఎవరూ వినరు.

అయితే రెండూ కలిసి బోల్తా పడే చోటు వేరే ఉంది, అది ఆ మేత పద్దులోనే. బడ్జెట్‌లో 10 టన్నుల పట్టుబడి, కిలో రొయ్యకి పట్టే మేత కిలోలు, అంటే ఎఫ్‌సీఆర్, 1.3 అనుకున్నాం. అంటే 13,000 కిలోల మేత, కిలో 95 రూపాయల చొప్పున 12,35,000. అసలు వాడింది 13,050 కిలోలు, రేటు 94, ఖర్చు 12,26,700. అనుకున్నదానికంటే 8,300 తక్కువే! ఏ పద్ధతిలో చూసినా ఈ పద్దు పచ్చగానే కనిపిస్తుంది. కానీ పట్టుబడి వచ్చింది 9 టన్నులే.

కాబట్టి హద్దు ఏదైనా, ముందు బడ్జెట్‌ని వచ్చిన దిగుబడికి సరిపడా దించాలి. 9 టన్నులకు 1.3 చొప్పున 11,700 కిలోలు చాలు, అంటే 11,11,500. ఇప్పుడు తేడా 1,15,200 ఎక్కువ, పది శాతం పైనే. దీన్ని ఇంకా రెండుగా విడదీయాలి. రేటు రూపాయి తగ్గడం వల్ల 13,050 రూపాయలు మిగిలాయి, మేత 1,350 కిలోలు ఎక్కువ పడటం వల్ల 1,28,250 పోయింది. మొదటిది కొనుగోలు చూసేవాళ్ల ఘనత, రెండోది చెరువు గట్టు మీద జరిగింది. కలిపి చూస్తే ఒకరి లాభం ఇంకొకరి నష్టాన్ని కప్పేస్తుంది.

ఆ 1,350 కిలోలంటే 25 కిలోల బస్తాలు 54. ముందు ఖాళీ సంచులు లెక్కపెట్టి, కొన్న బిల్లులతోనూ గోడౌన్‌లో మిగిలిన బస్తాలతోనూ సరిచూడాలి. అక్కడ పొసగకపోతే మేత చెరువులోకి పడనేలేదు, వెతకాల్సింది గోడౌన్‌లో. సంచులు సరిపోతే శాంప్లింగ్ పుస్తకం తీయాలి. రొయ్య సగటు బరువు వారంవారం అనుకున్నట్టే పెరిగి, టన్నులు మాత్రం తగ్గాయంటే బతికిన పిల్లల్ని ఎక్కువ అంచనా వేసి, లేని రొయ్యలకు మేత వేశారన్నమాట. రొయ్యలు తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రేలలో మేత మిగులుతున్నా డోసు తగ్గించకపోతే ఇదే జరుగుతుంది. బరువే పెరగకుండా, సైజులు ఎగుడుదిగుడుగా ఉంటే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి సోకిందని అనుమానించాల్సిందే. అది రొయ్యని వెంటనే చంపదు, మేత తిన్నా ఎదగనివ్వదు. దానికి ల్యాబ్‌లో పీసీఆర్ పరీక్ష చేయించాలి, లెక్కల పుస్తకంలో జవాబు దొరకదు.

డీజిల్ 60 వేలకు 1,02,000 అయింది. రెండు హద్దులూ దాటింది. అయినా కరెంటు కోతలకి జనరేటర్ ఎక్కువ నడిచిందని అందరికీ తెలుసు. అవర్ మీటర్ గంటల్ని గంటకు కాలే డీజిల్‌తో ఒకసారి గుణించి, వాడకంతో సరిపోతే వదిలేయొచ్చు. సరిపోకపోతేనే దర్యాప్తు.

కరెంటు బిల్లు మాత్రం 2,10,000 అనుకుంటే 1,78,000 అయింది. మిగులు కదా అని దాటేయకండి. కోతలు 32 వేలంత తగ్గించవచ్చేమో గానీ, చాలాసార్లు చివరి నెల బిల్లు ఇంకా పుస్తకంలోకి ఎక్కకపోవడమే కారణం. మిగులుకీ అదే హద్దు పెట్టాలి.

ఇంతకీ ఏది మేలు? పంట చివర చూసే లెక్కకి, దిగుబడికి సర్దిన తర్వాత, పది శాతమూ పాతికవేలూ రెండూ దాటిన పద్దుల్నే వెతకడం మేలు. మందులు బయటికి పోతాయి, మేత, డీజిల్, కరెంటు మిగులుతాయి. ఒక్క మేతకి మాత్రం పంట అయ్యేదాకా ఆగకూడదు. వారం వారం విసురువల వేసి తూచిన సగటు బరువుని బతికిన రొయ్యల అంచనాతో గుణించి, ఆ మొత్తం బరువుకి, అప్పటిదాకా పడిన మేతకి ఎఫ్‌సీఆర్ కట్టి, ఆ వయసుకి అనుకున్నదానికంటే రెండు వారాలు వరసగా ఐదు శాతం దాటితే రూపాయలు చూడకుండానే కదలాలి. ఒక్క వారం పెరిగితే శాంప్లింగ్ పొరపాటు కూడా కావచ్చు, వల పడిన మూలని బట్టి సగటు మారుతుంది.