కపాల నాడుల వరుసకు ఏది మేలు: అక్షరాల దండా, ఇంటి నడకా?

అనాటమీ లెక్చర్ నోట్సులో కపాల నాడుల పేజీ తెరిస్తే పన్నెండు పేర్లు వరుసగా ఉంటాయి: ఆల్ఫాక్టరీ, ఆప్టిక్, ఆక్యులోమోటార్, ట్రోక్లియర్, ట్రైజెమినల్, అబ్డ్యూసెన్స్, ఫేషియల్, వెస్టిబ్యులోకాక్లియర్, గ్లాసోఫారింజియల్, వేగస్, యాక్సెసరీ, హైపోగ్లాసల్. పేర్లు వస్తే సరిపోదు, అంకెలూ రావాలి. వైవాలోనూ వార్డులోనూ చాలాసార్లు పేరుకు బదులు "ఏడో నాడి దెబ్బతింది" అనే మాటే వినిపిస్తుంది. కాబట్టి ఈ వరుసను గుర్తుపెట్టుకునే పద్ధతి ఏదైనా, అంకె చెప్పగానే నాడిని, నాడి చెప్పగానే అంకెను అందించగలగాలి. నేను రెండు పద్ధతులనూ ఈ గీటురాయి మీదే చూస్తాను.

మొదటిది అక్షరాల దండ. మెడికల్ కాలేజీల్లో తిరిగే ఇంగ్లీషు వాక్యాలు పేర్ల మొదటి అక్షరాలతో అల్లినవి. పన్నెండు అక్షరాల్లో 'ఓ' అనే అక్షరం మూడుసార్లు వస్తుంది. టి, ఏ, వి రెండేసి సార్లు వస్తాయి. అంటే తొమ్మిది చోట్ల అక్షరం గుర్తొచ్చినా అది ఏ నాడిదో మళ్లీ తేల్చుకోవాలి. మూడు ఓలలో ఆప్టిక్ ముందా, ఆక్యులోమోటార్ ముందా అన్న తడబాటు ఇక్కడే పుడుతుంది.

ఈ పని తెలుగు లిపిలో చేస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. మన అక్షరంలో హల్లుతో పాటు అచ్చు కూడా ఉంటుంది కదా. ఆల్, ఆప్, ఆక్. ట్రో, ట్రై, అబ్. ఫే, వె, గ్లా. వే, యా, హై. ఒక్కటీ మరొకదానిలా లేదు. ఛందస్సు చదువుకున్న వాళ్లకు ఇది కొత్త కాదు. "యమాతారాజభానసలగం" అన్న ఒక్క మాటలో గణాల గురులఘువులన్నీ ఇమిడి ఉన్నట్టే, ఇక్కడ పన్నెండు నాడులూ ఇమిడిపోతాయి. పావుగంటలో నోటికి వస్తుంది.

జారే చోటు మాత్రం ఒకటుంది: ఎనిమిదోది హ్రస్వమైన వె, పదోది దీర్ఘమైన వే. తొందరలో ఇవి తారుమారవుతాయి. పదో నాడిని "వేగం" అన్న మాటతో ముడిపెట్టి గుర్తుంచుకునేవాళ్లను చూశాను. అలా చేయవద్దని గట్టిగా చెబుతాను. వేగస్ గుండె వేగాన్ని తగ్గించే నాడి. పేరు గుర్తుంచుకోవడానికి వేసిన ముడి పరీక్షలో తప్పు జవాబు రాయిస్తుంది. లాటిన్లో వేగస్ అంటే తిరుగాడేది అని అర్థం. దేశదిమ్మరి అనుకుంటే పేరూ నిలుస్తుంది, అది మెడ నుంచి గుండె మీదుగా పొట్ట దాకా చేసే ప్రయాణమూ నిలుస్తుంది.

దండకు అసలు లోటు వేరే ఉంది. తొమ్మిదోది ఏదని అడిగితే ఆల్, ఆప్ అంటూ మొదటి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టాలి. పైగా అక్షరం పేరును మాత్రమే ఇస్తుంది. ఆ నాడి చేసే పని గురించి ఏమీ చెప్పదు.

రెండోది ఇంటి నడక, అంటే తెలిసిన ఇంట్లో వరుసగా కొన్ని చోట్లు ఎంచుకుని ఒక్కో చోట ఒక్కో బొమ్మను ఊహించుకోవడం. చాలామంది పన్నెండు చోట్లను ఇష్టం వచ్చినట్టు ఎంచుకుంటారు. అక్కడే పెద్ద లాభం పోగొట్టుకుంటారు. ఈ నాడుల వరుసకు దానిదైన విభజన ఉంది. మెదడు నుంచి బయటికి వచ్చే చోటును బట్టి మొదటి రెండూ ముందు మెదడువి, తర్వాతి రెండూ మిడ్‌బ్రెయిన్‌వి, ఆ తర్వాత నాలుగు పాన్స్‌వి, చివరి నాలుగు మెడుల్లావి. రెండు, రెండు, నాలుగు, నాలుగు. ఇంటినీ అలాగే విడదీయాలి: వాకిలి, వరండా, హాలు, వంటగది.

వాకిట్లో గేటుకు అల్లుకున్న సన్నజాజుల ఘాటు వాసన ఆల్ఫాక్టరీ. తులసికోటకు పెట్టిన పెద్ద కళ్లజోడు ఆప్టిక్. వరండాలో పడక కుర్చీ ముందు కనురెప్పలా పైకి లేచే షట్టరు, దాన్ని గరగరమంటూ లేపే మోటారు. అది ఆక్యులోమోటార్, పై రెప్పను ఎత్తేది మూడో నాడే. గుమ్మానికి వేలాడే బావి గిలక ట్రోక్లియర్. ఆ పేరుకు మూలమైన మాటకు అర్థమే గిలక. కంటిని కదిలించే ఒక కండరపు స్నాయువు గిలక మీది చేంతాడులా మలుపు తిరుగుతుంది, దానికి ఆ పేరు అలా వచ్చింది.

హాల్లో సోఫా మీద ముగ్గురు కవలలు కూర్చుని ఒకరు నుదుటికి, ఒకరు బుగ్గకు, ఒకరు గడ్డానికి గంధం పూసుకుంటున్నారు. ఇది ట్రైజెమినల్, దాని మూడు శాఖలతో సహా. కిటికీలోంచి పక్కకు మాత్రమే చూసే కన్ను అబ్డ్యూసెన్స్. అద్దంలో రకరకాలుగా మారే ముఖం ఫేషియల్. దేవుడి అరలో మోగే గంట, దాని పక్కనే తిరిగే బొంగరం వెస్టిబ్యులోకాక్లియర్. వినికిడి, సమతూకం రెండూ దానివే.

వంటగదిలో పొయ్యి దగ్గర కాకరకాయ కూర గొంతులో పడి మింగుడుపడనివాడు గ్లాసోఫారింజియల్. ఫ్రిజ్ పక్కన మూట వేసుకుని నిలబడ్డ దేశదిమ్మరి వేగస్. బియ్యం బస్తా కింద భుజాలెగరేసేవాడు యాక్సెసరీ. పెరటి తలుపు దగ్గర నాలుక చాచి వెక్కిరించే పిల్లాడు హైపోగ్లాసల్.

ఇప్పుడు తొమ్మిదోది కావాలంటే మొదటి నుంచి లెక్కపెట్టక్కర్లేదు. వంటగదిలో అడుగుపెట్టగానే ఉంటుంది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దానికి చెందిన లాటిన్ గ్రంథం రెటోరికా అద్ హెరెన్నియం ప్రతి ఐదో చోటుకూ ఒక గుర్తు పెట్టుకోమంటుంది. ఐదో చోట బంగారు చెయ్యి ఉంచమంటుంది. మన ఇంట్లో ఐదోది హాలు మొదలు, తొమ్మిదోది వంటగది మొదలు. గదుల గడపలే ఆ గుర్తుల పని చేస్తాయి.

ఒక కేసు చూద్దాం. రోగికి కుడి రెప్ప వాలిపోయింది, కుడి కనుపాప పెద్దదైంది, ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. రెప్ప అనగానే షట్టరు, షట్టరు అనగానే వరండా, వరండా అంటే మిడ్‌బ్రెయిన్. చేతికీ కాలికీ వెళ్లే దారులు ఇంకా కిందికి, మెడుల్లాలో దాటుకుంటాయి కాబట్టి దెబ్బ కుడి మిడ్‌బ్రెయిన్‌లో అని తేలుతుంది. అక్షరాల దండ నుంచి ఈ జవాబు రాదు. అందుకే ఈ వరుసకు నా ఓటు ఇంటి నడకకే.

అయితే ఇంటికీ లోట్లున్నాయి. కట్టుకోవడానికి నాకు గంటకు పైగా పట్టింది. బొమ్మ పనిని ఇస్తుంది గానీ పేరును ఇవ్వకపోవచ్చు; గిలక కళ్లకు కట్టినా ట్రోక్లియర్ అన్న మాట నోటికి రాకపోతే మార్కు పోతుంది. అందుకని ఒక్కో చోట నిలబడి ఆ నాడి అక్షరాన్ని పైకి అనాలి. గేటు దగ్గర ఆల్, తులసికోట దగ్గర ఆప్. ఇల్లు పట్టు తప్పిందో లేదో తెలుసుకోవాలంటే పెరటి తలుపు నుంచి గేటు దాకా వెనక్కి నడవాలి. ఆగిపోయిన చోట బొమ్మ పలచగా ఉందన్నమాట. అదే ఇంట్లో మరో వరుసను పెడితే పాత బొమ్మలు అడ్డొస్తాయి కాబట్టి ఈ ఇంటిని నాడులకే వదిలేయాలి.

ఇంకో సంగతి: రెండు, రెండు, నాలుగు, నాలుగు అన్నది నాడులు బయటికొచ్చే చోట్ల లెక్క. లోపల వాటి కేంద్రకాలు ఈ గీతల్లో ఇమడవు. ట్రైజెమినల్ స్పర్శ కేంద్రకం మిడ్‌బ్రెయిన్ నుంచి మెడలోని వెన్నుపాము దాకా సాగుతుంది. ఆరు, ఏడు, ఎనిమిది నాడులు పాన్స్, మెడుల్లా కలిసే గీత దగ్గరే బయటపడతాయి. ఇది ఇంటి గోడలు చెప్పని విషయం, విడిగా చదువుకోవాల్సిందే.

మణికట్టు ఎముకల ఎనిమిది పేర్లకు మాత్రం ఈ హంగామా అక్కర్లేదు. వాటికి అక్షరాల దండ చాలు, ఎందుకంటే ఇల్లు మన చేతిలోనే ఉంది. బొటనవేలిని చాచితే దాని మొదట్లో పడే గుంటలో వేలు పెట్టి నొక్కండి. అక్కడ తగిలేది స్కాఫాయిడ్. వరుస అక్కడి నుంచే మొదలవుతుంది.