బాధ్యత పరిమితి షరతును సరిచూడడానికి ఏది మేలు: కంపేర్, ఫైండ్, లేక ఇద్దరు కూర్చుని చదువుకోవడం?

మిర్యాలగూడలోని ఒక రైసు మిల్లు కలర్ సార్టర్ యంత్రం కొనడానికి కుదుర్చుకున్న ఒప్పందం రెండు భాషల్లో మా వద్దకు సరిచూడడానికి వచ్చింది. ఎడమ వైపు ఇంగ్లీషు, కుడి వైపు తెలుగు, మొత్తం పద్నాలుగు పేజీలు. అందులో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం వెచ్చించినది అర పేజీ కూడా లేని ఒక షరతు మీద. యంత్రం అమ్మేవారి బాధ్యత ఎంత మొత్తం వరకు, ఏయే నష్టాలకు అది వర్తించదు అని చెప్పే షరతు అది. ఇంగ్లీషులో అది మొత్తం పెద్దక్షరాల్లో, బోల్డ్‌లో ఉండాలి. తెలుగు లిపికి పెద్దక్షరాలు లేవు కనుక, ఇంగ్లీషులో ఏ వాక్యం పెద్దక్షరాల్లో ఉందో తెలుగులో ఆ వాక్యమే బోల్డ్‌లో ఉండాలని రెండు పక్షాలూ మొదటి ముసాయిదాలోనే అంగీకరించుకున్నాయి.

ఈ పెద్దక్షరాల అలవాటు అమెరికా నుంచి వచ్చింది. అక్కడి వాణిజ్య నియమావళి కొన్ని రకాల వారంటీ నిరాకరణలు చదివేవారి కంట పడేటట్లు ఉండాలని కోరుతుంది. పెద్దక్షరాల శీర్షిక, చుట్టూ ఉన్న రాతకు భిన్నంగా కనిపించే అక్షరాలు ఇందుకు ఆ నియమావళి చూపిన మార్గాలు. ఆ రాత ఒప్పందాల నమూనాలతో పాటు మన దేశానికీ చేరింది. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం పెద్దక్షరాలు కావాలని ఎక్కడా అడగదు. అయినా ఇంగ్లీషులో కొట్టొచ్చినట్లు కనిపించే వాక్యం తెలుగులో మామూలు అక్షరాల్లో ఉంటే, ఆ షరతు మా దృష్టికి రాలేదని రేపు తెలుగు ప్రతి చదివిన మిల్లు యజమాని అనడానికి చోటు ఏర్పడుతుంది. ఇక అంకె సంగతి మరింత గట్టిది. భారతి నిట్టింగ్ కంపెనీ, కొరియర్ సంస్థ డీహెచ్‌ఎల్ మధ్య వ్యాజ్యంలో సంతకం చేసిన పత్రంలోని 100 డాలర్ల పరిమితికే పంపినవారు కట్టుబడాలని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. కనుక ఇటువంటి షరతులో ఒక్క సున్నా జారినా, ఒక్క గుడి పక్క అక్షరానికి జరిగినా అది అచ్చుతప్పుగా మాత్రమే మిగలదు.

మా చేతికి వచ్చినది రెండవ ముసాయిదా. మొదటి దానిలో అమ్మేవారి బాధ్యత యంత్రం ధరలో సగం వరకే ఉండగా, మిల్లువారు పట్టుబట్టి దానిని పూర్తి ధర వరకు పెంచుకున్నారు. ఆ మార్పు చేసిన వాక్యాన్ని ఎవరో మెయిల్ నుంచి తెచ్చి వర్డ్ ఫైలులో అతికించారు. సరిచూడడానికి మాకున్న దారులు మూడు.

మొదటిది వర్డ్‌లోని `Review` కింద ఉండే `Compare`. పాత ముసాయిదాను, కొత్త ముసాయిదాను దానికి ఇస్తే తేడాలన్నీ రంగులో చూపుతుంది. ఆ పెట్టెలో `More` నొక్కితే `Case changes`, `Formatting` అనే గడులు కనిపిస్తాయి. ఈ పనికి ఆ రెండింటిలోనూ టిక్కు ఉండి తీరాలి. ఫాంటు మారిన ఫైలులో `Formatting` గడి పేజీ నిండా రంగు పులుముతుంది కనుక చాలామంది దానిని తీసివేస్తారు. అలా తీసివేస్తే పదాలు మారకుండా బోల్డ్ మాత్రమే పోయిన వాక్యం కంటికి చిక్కదు. దాని కింద ఉండే `Character level` ఎంచుకుంటే మాటలో మారిన అక్షరం ఏదో అంతవరకే గుర్తు పెడుతుంది.

ఈ దారిలో మాకు రెండు తప్పులు వెంటనే దొరికాయి. షరతు శీర్షిక పాత ప్రతిలో అంతా పెద్దక్షరాలు కాగా, కొత్త దానిలో `Limitation of Liability` అయింది. షరతు మధ్యలో `LIABILITY` అనే మాటలో ఒక అక్షరం పోయి `LIABLITY` అయింది. ఈ రెండవ దానిని వర్డ్ స్పెల్లింగ్ తనిఖీ ఎందుకు పట్టలేదో తెలుసుకోవడం అవసరం. వర్డ్ `Options` లోని `Proofing` కింద `Ignore words in UPPERCASE` అనే గడిలో మామూలుగా టిక్కు ఉంటుంది. అంటే ఒప్పందం మొత్తంలో తప్పు ఉండకూడని షరతు ఏదో, సరిగ్గా దానినే ఆ తనిఖీ వదిలివేస్తుంది. ఈ పనికి కూర్చునే ముందు ఆ టిక్కు తీసివేయడం నాకు ఇప్పుడు అలవాటు.

అయితే కంపేర్‌కు పెద్ద లోపం ఒకటి ఉంది. కొత్తగా రాసిన వాక్యాన్ని అది మొదటి నుంచి చివరి వరకు కొత్తది అని మాత్రమే చూపుతుంది. పరిమితి వాక్యం మొత్తం రంగులో ఉన్నప్పుడు అందులో తప్పు ఎక్కడో చూపించే గుర్తు వేరే ఉండదు. దాని ముందూ వెనకా ఉన్న వాక్యాలు బోల్డ్‌లో ఉండి, ఇది మాత్రం మామూలుగా ఉన్నా, చేర్పు అన్న ఒక్క మాటతో సరిపెడుతుంది. మార్పు జరిగిన చోటే తప్పు జరిగే అవకాశం ఎక్కువ కనుక, మనకు సాయం ఎక్కడ కావాలో అక్కడే కంపేర్ బలహీనపడుతుంది. పాత తెలుగు ప్రతి యూనికోడ్ కాని "అను" అనే పాత రకం ఫాంటులో ఉండి కొత్తది యూనికోడ్‌లో ఉంటే కంపేర్ అసలు పనికే రాదు. ప్రతి మాటా మారినట్లే చూపుతుంది.

రెండవ దారి `Find` పెట్టె. ఇది పాత ప్రతితో పోల్చదు. ఈ షరతులో ఉండకూడనిది ఏదైనా ఉందా అని మాత్రమే వెతుకుతుంది. షరతు వరకే ఎంచుకుని, `Advanced Find` తెరచి, `Use wildcards` లో టిక్కు పెట్టి ఇలా వెతకాలి.

```
[a-z]
```

పెద్దక్షరాల షరతులో చిన్నక్షరం ఎక్కడ ఉన్నా ఇది ఆగి చూపుతుంది. `Find In` లో `Current Selection` ఎంచుకోకపోతే ఒప్పందం మొత్తం వెతుకుతుందని గుర్తుంచుకోవాలి. యంత్రం కొలతల్లో `mm`, `kW` వంటివి దొరికితే వాటిని అలాగే ఉంచాలి. బోల్డ్ కోసం పెట్టెను ఖాళీగా ఉంచి, `Format` కింద `Font` లో `Not Bold` ఎంచుకుని వెతికితే బోల్డ్ లేని ముక్కలు వరుసగా కనిపిస్తాయి.

ఈ వెతుకులాటలో పరిమితి వాక్యం రెండు భాషల్లోనూ దొరికిపోయింది. ఇంగ్లీషులో అది చిన్నక్షరాల్లో, తెలుగులో బోల్డ్ లేకుండా ఉంది. కారణం కూడా తెలిసింది. మెయిల్ రాసినవారు పెద్దక్షరాలను టైపు చేయలేదు. మామూలుగా రాసి `All caps` అనే ఫాంటు గుణం పెట్టారు. అలా పెట్టినప్పుడు తెరమీద పెద్దక్షరాలు కనిపిస్తాయి కానీ లోపల చిన్నక్షరాలే ఉంటాయి. బోల్డ్ లేని ఖాళీ వరుసలో అతికిస్తూ `Keep Text Only` ఎంచుకోవడంతో ఆ గుణమూ, బోల్డూ కలిసి రాలిపోయాయి. వాక్యాన్ని ఎంచుకుని `Shift+F3` తో మార్చితే అక్షరాలే నిజంగా పెద్దవవుతాయి, మళ్లీ అతికించినా పోవు. ఈ మాట ఇంగ్లీషుకే. అను ఫాంటులోని తెలుగు మీద `Shift+F3` నొక్కకూడదు. ఆ ఫాంటులో చిన్నక్షరం మీట ఒక తెలుగు గుర్తునూ, పెద్దక్షరం మీట వేరొక గుర్తునూ ఇస్తాయి కనుక వాక్యం మొత్తం చెడిపోతుంది.

అక్షర రూపం వరకు చూస్తే ఫైండ్‌కు సాటి లేదు. అలసిపోదు, రెప్పపాటులో అయిపోతుంది. కానీ అర్థం దానికి తెలియదు.

మూడవది పాతకాలపు దారి. ఒకరు మూలం పైకి చదవడం, మరొకరు ప్రతిని వేలితో అనుసరించడం. మా పెద్దబాపు నల్లగొండలో కోర్టు కాగితాలు రాసే చోట చాలా ఏళ్లు పనిచేసినవారు. ఆయన చదివే పద్ధతికి ఒక నియమం ఉంది. గొంతులో బోల్డ్ వినిపించదు కనుక బోల్డ్ మొదలయ్యే చోట "బోల్డ్ మొదలు" అని, ముగిసే చోట "బోల్డ్ ముగిసింది" అని పలుకుతారు. కామా, ఫుల్‌స్టాప్ కూడా చెబుతారు. అంకెను ఒకసారి అంకెగా, ఒకసారి మాటల్లో చదువుతారు. కాదు, లేదు వంటి వ్యతిరేకార్థం ఇచ్చే మాట వచ్చినప్పుడు ఆగి, ఎదుటివారు తల ఊపిన తరువాతే ముందుకు సాగుతారు.

ఈ షరతును అలా చదవడానికి మాకు పది నిమిషాలు పట్టింది. కంపేర్, ఫైండ్ రెండూ దాటి వచ్చిన తప్పు ఆ పది నిమిషాల్లోనే బయటపడింది. మార్చిన తెలుగు వాక్యంలో అమ్మేవారి బాధ్యత "యంత్రం ధరను మించని మొత్తానికి" అని ఉండాలి. నా ముందున్న కాగితం మీద "మించిన మొత్తానికి" అని ఉంది. పెద్దబాపు ఇంగ్లీషు చదివి, దానికి తెలుగు చెప్పమన్నారు. నేను కాగితంలో ఉన్నది చదివాను.

"మళ్లా సదువు బిడ్డా, మించనిదా, మించినదా?" అని అడిగారు.

అప్పుడు గాని నాకు కనబడలేదు. "న" మీద ఉండాల్సిన గుడి దాని ముందున్న "చ" మీదికి జరిగింది. రెండు మాటలూ తెలుగులో సరైన మాటలే. ఏ స్పెల్లింగ్ తనిఖీ అయినా రెండింటినీ వదిలేస్తుంది. కానీ మించని అంటే ధర వరకే అని, మించిన అంటే ధరను దాటి అని అర్థం. ఇంగ్లీషులోనూ ఇటువంటి జంటలు ఉన్నాయి. `NOT` టైపు చేయబోయి `NOW` అని కొడితే అదీ మాటే. `INDIRECT` లో మొదటి రెండక్షరాలు జారితే మిగిలేది కూడా మాటే.

ఈ దారికి లోపం లేకపోలేదు. పెద్దక్షరాలు వరుసగా వచ్చినప్పుడు మాటలన్నీ ఒకే ఎత్తు గోడలా కనిపిస్తాయి. కన్ను ఒక్కో అక్షరాన్నీ చూడకుండా తనకు తెలిసిన మాటను ఊహించుకుని ముందుకు పోతుంది. `LIABLITY` ని నేను పైకి చదివితే సరైన మాటగానే పలుకుతాను, వినేవారికి తప్పు తెలియదు. పద్నాలుగు పేజీలు ఇలా చదివితే నాలుగో పేజీకే చెవి మొద్దుబారుతుంది. అందుచేత దీనిని అన్ని పేజీలకూ పెట్టను. పరిమితి, మినహాయింపు, డబ్బు అంకెలు ఉన్న చోట్లకే పరిమితం చేస్తాను.

కనుక ఏది మేలు అన్నది ఫైలు ఎలా వచ్చిందన్న దాని మీద ఉంటుంది. పాత ప్రతి, కొత్త ప్రతి రెండూ ఒకే రకం ఫైళ్లుగా ఉంటే కంపేర్‌తో మొదలుపెట్టడం మేలు. కాగితం చూసి తిరిగి టైపు చేసినదైతే కంపేర్ జోలికి పోకుండా ఫైండ్, ఆ తరువాత చదువు. బోల్డ్, పెద్దక్షరాల విషయంలో నేను ఎప్పుడూ ఫైండ్‌నే నమ్ముతాను. నా కన్నును నమ్మను, ఎదుటివారి చెవినీ నమ్మను. కానీ ఒక్క దారికే సమయం ఉందని ఎవరైనా అంటే, ఆ ఒక్క షరతుకు ఇద్దరు కూర్చుని చదవడాన్నే నేను ఎంచుకుంటాను. బోల్డ్ పోతే వాదనకు చోటు ఏర్పడుతుంది. "మించని" కాస్తా "మించిన" అయితే పరిమితే పోతుంది.

అన్నీ అయిన తరువాత ఆ పేజీని అచ్చు తీసి మరోసారి చూస్తాం. తెలుగు ఫాంటుకు సొంత బోల్డ్ రూపం లేకపోతే వర్డ్ ఉన్న అక్షరాన్నే లావు చేస్తుంది. చిన్న సైజులో ఆ లావుకు అక్షరాల లోపలి ఖాళీలు మూసుకుపోయి, "బాధ్యత" లోని ధకారం దకారంలా కనిపిస్తుంది. మిల్లువారి ప్రతిలో అదే జరిగింది. ఆ షరతు వరకు నిర్మల యూఐ ఫాంటుకు మార్చి, దాని సొంత బోల్డ్ పెట్టి, 9 పాయింట్ల నుంచి 11కు పెంచాము. అక్షరాలు పెరగడంతో చివరి రెండు వరుసలు తరువాతి పేజీకి జారాయి కనుక, పేజీ అంకెలు సరిచేసి మరోసారి `Not Bold` వెతికిన తరువాతే సంతకాలకు పంపాము.