ఎంక్వైరీ ఖర్చు చూడాలా, సైట్ విజిట్ ఖర్చు చూడాలా?

షాద్‌నగర్ వైపు ప్లాట్ల వెంచర్ ఒకటి అనుకుందాం. రెండు ప్రకటనలకూ చెరో 60,000 రూపాయలు పెట్టారు.

ఫేస్‌బుక్ ఫారం: ఎంక్వైరీ 200 చొప్పున 300 వచ్చాయి. సైటుకు వచ్చింది 6 కుటుంబాలు. విజిట్‌కు 10,000.
గూగుల్ సెర్చ్: ఎంక్వైరీ 800 చొప్పున 75. వచ్చింది 10 కుటుంబాలు. విజిట్‌కు 6,000.

చవకగా కనిపించిందే ఖరీదైంది. అయితే తప్పంతా ఫారానిదే అనలేం, ఆలస్యంగా ఫోన్ చేయడం కూడా కారణం కావచ్చు. అందులో పేరూ నంబరూ వాటంతటవే నిండుతాయి, నొక్కిన మనిషి గంటలో మర్చిపోతాడు. మర్నాడు ఫోన్ చేస్తే “నేనెప్పుడు అడిగానండీ?” అంటాడు. శనివారం రాత్రి ఎంక్వైరీకి సోమవారం ఫోన్ చేస్తే, సైటు చూసే ఆదివారం పోయినట్టే. అప్పుడు ఎంక్వైరీ ఖర్చు మారదు, విజిట్ ఖర్చే పెరుగుతుంది. అందుకే ఎంక్వైరీ వచ్చిన సమయం, మొదటి కాల్ సమయం పక్కపక్కన రాసి చూడండి. తేడా గంటల్లో ఉంటే ప్రకటన మార్చినా లాభం లేదు.

విజిట్లు తేలడానికి ఒకట్రెండు వారాలు పడుతుంది. కాబట్టి తొలి రోజుల్లో ఒకే ఫారం ప్రకటనకు రెండు ఫొటోల్లో ఏది మేలో తేల్చడానికి ఎంక్వైరీ ఖర్చు చాలు. వచ్చే నెల డబ్బు ఎటు పెట్టాలో మాత్రం విజిట్ ఖర్చే చెప్పాలి.