తిరుపతి వీధుల్లో సాలిడ్ టైరు, గాలి టైరు: రెండూ వాడి చూశాక

నిలబడి నడిపే, మడిచి చేత్తో పట్టుకుపోగలిగే చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్‌ను తిరుపతిలో ఏడాదికి పైగా రోజూ వాడుతున్నాను. చక్రాలు ఎనిమిదిన్నర అంగుళాలవి. మోటారు ముందు చక్రంలో, డిస్క్ బ్రేకు వెనుక చక్రానికి ఉంటాయి. కొన్నప్పుడు రెండూ ట్యూబు ఉన్న గాలి టైర్లే. మనిషి బరువు ఎక్కువగా వెనుక చక్రం మీదే పడుతుంది కాబట్టి పంక్చర్లు అక్కడే వచ్చేవి. విసిగి వెనుక చక్రానికి సాలిడ్ టైరు వేయించాను. కొన్ని నెలలు నడిపాక దాన్ని తీసేశాను. తీయించింది కుదుపు కాదు, తడి రోడ్డు.

కుదుపు సంగతి రెండు మాటల్లో చెబుతాను. మంచి తారు రోడ్డు మీద తేడా అంతగా తెలియదు. గతుకుల దారిలోనూ, స్పీడ్ బ్రేకర్ల మీదా మాత్రం ప్రతి దెబ్బా మడమల నుంచి మోకాళ్ళదాకా వస్తుంది. పక్కల రంధ్రాలున్న సాలిడ్ టైరైనా గాలి మెత్తదనం ఇవ్వదు. ఆ అదురుకు హ్యాండిల్ మడిచే చోట బోల్టులు వదులవుతాయి. సాలిడ్ టైరు వాడేవారు వాటిని తరచూ బిగించుకోవాలి.

ఇక తడి. మన ఊళ్ళో వానలు ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. కానీ తడి నేల ఏడాది పొడవునా ఉంటుంది. తెల్లవారేసరికి ఇళ్ళ ముందు సిమెంటు వీధి కడిగి ముగ్గు వేస్తారు. నున్నటి సిమెంటు మీద పలచటి నీటి పొర నిలుస్తుంది. అలాంటి వీధి మలుపులో బ్రేకు నొక్కితే, గాలి టైరుతో ఎప్పుడూ జరగనిది జరిగింది: వెనుక చక్రం తిరగడం ఆగిపోయి పక్కకు జారింది. నెమ్మదిగా వెళ్తున్నందున కాలు కింద పెట్టి నిలదొక్కుకున్నాను. ఆ తర్వాత ఖాళీ వీధిలో కావాలని పరీక్షించాను. పొడి నేల మీద రెండు టైర్లూ దాదాపు ఒకేలా ఆగాయి. తడి సిమెంటు మీదా, జీబ్రా గీతల రంగు మీదా సాలిడ్ టైరు చిన్న నొక్కుకే బిగుసుకుని జారింది.

కారణం సులువుగానే అర్థమవుతుంది. గాలి టైరు బరువుకు కాస్త అణిగి, నేల ఎత్తుపల్లాలకు తగ్గట్టు వంగుతుంది. సాలిడ్ టైరు నేలకు అంతగా అతుక్కోదు. పైగా అరిగిపోకుండా, బరువు మోసేలా దాని రబ్బరును గట్టిగా చేస్తారు. ఈ పట్టును పెంచుకునే మార్గం నడిపేవారి చేతిలో లేదు. వేగం తగ్గించి, ముందుగానే మెల్లగా బ్రేకు వేయడం ఒక్కటే దారి.

పంక్చర్‌కు మాత్రం మార్గం ఉంది. గాలి టైరు మీద నా నమ్మకం తిరిగి వచ్చింది అక్కడే. పంక్చర్ షాపులో మేస్త్రీ ట్యూబును నీళ్ళలో ముంచి చూపించాడు. పక్కపక్కనే రెండు సన్నని చీలికల నుంచి బుడగలు వస్తున్నాయి. "ఇది ముల్లు కాదు సార్, గాలి తక్కువైతే గుంతలో రిమ్ము ట్యూబును నొక్కేస్తుంది" అన్నాడు. ముల్లు గుచ్చితే ఒకే చిన్న రంధ్రం, అదీ టైరు నేలను తాకే వైపు ఉంటుంది. జంట చీలికలైతే తప్పు గాలిదే. ఇంత చిన్న ట్యూబులో పట్టే గాలే కొంచెం. కాబట్టి అది దానంతటదే తగ్గినా ఒత్తిడి త్వరగా పడిపోతుంది. ఈ సైజు టైర్లకు సాధారణంగా 45 నుంచి 50 పీఎస్ఐ అవసరం. అయినా మీ స్కూటర్ పుస్తకంలో, టైరు మీద ఉన్న అంకె చూసుకోండి. వేలితో నొక్కితే 30 కూడా గట్టిగానే తగులుతుంది, దాన్ని నమ్మకండి. పెట్రోలు బంకులో గొట్టం ఈ చిన్న రిమ్ములోని వాల్వుకు సరిగా అందదు, తీసేటప్పుడు కొంత గాలి పోతుంది కూడా. మీటరున్న చేతి పంపు ఇంట్లో పెట్టుకుని, వారానికొకసారి, ఎండెక్కక ముందే చూసుకుంటున్నాను. అప్పటి నుంచి జంట చీలికలు కనిపించలేదు.

తిరుచానూరు వైపు రోడ్డు అంచున పల్లేరు కాయలకు మాత్రం గాలి ఒత్తిడి అడ్డు కాదు. అందుకు ట్యూబులో పంక్చర్ ద్రవం పోయించాను. అది ముల్లు చేసిన రంధ్రాన్ని మూస్తుంది, చీలికను మూయలేదు.

గోదాముల్లాంటి పొడి నేల మీద, ముళ్ళూ ఇనుప ముక్కలూ ఉన్న చోట తిరిగేవారికి సాలిడ్ టైరు మంచిదే. వేయించుకునేవారు ఒకటి గుర్తుంచుకోండి: దాన్ని వేడి నీళ్ళలో మెత్తబరిచి, బలంగా లాగి రిమ్ముకు ఎక్కించాలి. మామూలు పంక్చర్ షాపులో చాలామంది ఒప్పుకోరు. తీయాలంటే ఒక్కోసారి కోయాల్సిందే.