పద్నాలుగు నెలలు వాడాక: ఫోటోలోని తెలుగు టైపు చేసే యాప్, రోజుకు పది లెక్క

మిర్యాలగూడలో మాది చిన్న డీటీపీ షాపు. పేజీ ఫోటో ఎక్కిస్తే అందులోని తెలుగును టైపు చేసి ఇచ్చే ఏఐ యాప్ ఒకటి పద్నాలుగు నెలలుగా వాడుతున్నా. దాని సంగతులు అందరికీ తెలిసినవే, మళ్లీ రాయను. నా బాధంతా ఒక్కదాని మీదే: ఉచిత ప్లాన్‌లో రోజుకు పది ఫోటోలే.

శ్రీరామనవమికి ముందు పక్క ఊరి భజన బృందం పెద్దాయన చిరుతల రామాయణం పాత అచ్చు పుస్తకం పట్టుకొచ్చాడు. 112 పేజీలు, కుట్టు ఊడిపోయి ఉంది. "నాలుగు రోజుల్ల గావాలె బిడ్డా, పోరగాళ్లు చూసి పాడుకోవాలె" అన్నాడు. సరే అని తీసుకున్నా. మొదటి రోజు ఆరు పేజీలు అయ్యేసరికే పది ఫోటోలూ అయిపోయాయి. నాలుగు చేయి కదిలి మసకగా వచ్చాయి, అవి కూడా లెక్కలో పడ్డాయి.

వాళ్ల దగ్గర నా ఫోటోలకు జాగా నిండిందేమో అనుకున్నా. నెలల నాటి పాత ఫోటోలన్నీ కూర్చుని డిలీట్ చేశా. ఒక్కటి కూడా అదనంగా ఎక్కలేదు. హైదరాబాద్‌లో సర్వర్ల పని చేసే మా చిన్నాన్న కొడుక్కి ఫోన్ చేస్తే, "అన్నా, నువ్వు గోదాం ఖాళీ చేస్తున్నవ్. ఆడ ఖర్చు గోదాంకు గాదు, మిల్లు తిరిగినందుకు" అన్నాడు.

మాది రైసు మిల్లుల ఊరు, ఆ మాట ఇక్కడ ఎవరికైనా అర్థమవుతుంది. ఫోటో దాచడానికి అయ్యేది నామమాత్రం. చదవడానికే ఖర్చు. ఇట్లాంటి యాప్‌లు ముందు ఫోటోను కుదించి, తర్వాత చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిని ఒక్కో మాట ముక్కలా లెక్కగడతాయి. 1568 పిక్సెళ్ల పొడవు, 1176 వెడల్పుకు కుదించి, 28 పిక్సెళ్ల గళ్లు చేస్తే నిలువున 56, అడ్డంగా 42, మొత్తం 2352 గళ్లు. నేను టైపు చేసి పంపే ఒక వాక్యమైతే అంతకన్నా చాలా తక్కువ ముక్కలే. అదే ఫోటో మీద మళ్లీ ఇంకో పని చెబితే, ఆ గళ్లన్నీ మళ్లీ లెక్కలోకి వస్తాయి. ఇదంతా జీపీయూలనే ఖరీదైన యంత్రాల మీద జరుగుతుంది. మసక ఫోటోకైనా మిల్లు తిరిగినట్టే కదా.

నెలకు ఇన్ని అని కాకుండా రోజుకు ఇన్ని అనడం ఎందుకని కూడా అడిగా. ఒకేరోజు అందరూ నెల కోటా మొత్తం తెచ్చి పోస్తే యంత్రాలు ఆగిపోతాయి, నిన్న ఖాళీగా ఉన్న గంటను ఇవాళ వాడుకోలేం అన్నాడు. డబ్బు కట్టేవాళ్ల సొమ్ముతో ఆ యంత్రాల గంటల ఖర్చు వెళ్తుంది కాబట్టి వాళ్లకు ఎక్కువ. వాళ్లకూ హద్దు ఉంటుంది, కాకపోతే దూరంగా ఉంటుంది.

ఇంత విన్నాక కూడా రెండో రోజు ఒక ఉపాయం పన్నా. నాలుగు పేజీలు పక్కపక్కన, కిందామీదా చేర్చి ఒకే ఫోటోగా ఎక్కించా. చకచకా వచ్చేసింది, సంతోషపడ్డా. సాయంత్రం ప్రూఫ్ చూస్తుంటే "లక్ష్మణ" కాస్తా "లక్షణ" అయి కూర్చుంది. "అన్న" ఉండాల్సిన చోట "అన". కారణం తర్వాత తెలిసింది. ఒక్క పేజీ పంపితే ఒక్కో వరుసకు 49 పిక్సెళ్ల దాకా ఎత్తు వస్తుంది. నాలుగు కలిపితే అందులో సగమే. అసలు అక్షరం బతుకుతుంది, కింద వేలాడే ఒత్తు కరిగిపోతుంది. తప్పు పదం కూడా మంచి పదంలాగే కనిపించడమే ప్రమాదం. అప్పటి నుంచి ప్రతి పేజీలో రెండు వరుసల ఒత్తులు లెక్కపెట్టి అసలుతో సరిచూస్తున్నా.

మూడో రోజు పొద్దున్నే ఒక నెలకు డబ్బు కట్టేశా. పేజీకో ఫోటో చొప్పున, పుస్తకం చెప్పిన రోజుకే ఇచ్చా. పెద్దాయన షాపులోనే నిలబడి మొదటి పాట సన్నగా పాడి చూసుకున్నాడు.

మొదట్లో ఈ యాప్‌ను తోటి డీటీపీ వాళ్లందరికీ వాడమని చెప్పా. ఉచితంగా ఉన్నంతవరకు వాడుకోండి అనేవాణ్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. నెలలో నాలుగు సర్టిఫికెట్లు, ఒక దరఖాస్తు ఉన్నవాళ్లకు పది చాలు. నాకు పుస్తకం వచ్చిన నెలే కడతా, రాని నెల మానేస్తా. మసక ఫోటో లెక్కలో పడటం ఇప్పుడు ఒప్పుకుంటా. కానీ ఇంకా ఎన్ని మిగిలాయో ముందే తెర మీద చూపించాలి. అది కట్టిన ప్లాన్‌లోనూ చూపించట్లేదు, ఒక స్టార్ అందుకే తగ్గించా.